పన్నెండు నిమిషాల గుడ్డు

తప్పు చేసినవాడు కుర్చీలో కూర్చుని, చెయ్యనివాళ్లు ఎదురుగా నిలబడే గదిని మన బడుల్లో ఆఫీసు రూము అంటారు. కాశిబుగ్గలోని ఒక సర్కారు బడిలో, ఆ గురువారం పొద్దున అట్లా నిలబడ్డ మనిషి పేరు మొగిలమ్మ. పదకొండేళ్లుగా ఆ బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండిపెడుతున్నది. కుర్చీలో ఉన్నది హెడ్మాస్టరు రాజేశ్వర్ రావు. ఇద్దరి మధ్య టేబుల్ మీద ఒక తెల్ల కాగితం.

"నా నిర్లక్ష్యము వలన పిల్లలకు కుళ్లిన గుడ్లు వడ్డించితిని. మన్నించగలరు. నా ఇష్టపూర్వకముగా వంటపని మానుకొనుచున్నాను." కింద సంతకానికి చోటు వదిలారు. రాసింది ఆయన. ఇష్టపూర్వకం మాత్రం ఆమెదట!

ఇంతకీ జరిగిందేమిటంటే, ముందు రోజు బుధవారం, గుడ్డు పెట్టే రోజు. బడి కమిటీ పెద్ద పండరి సరిగ్గా అన్నం గంటకు వచ్చాడు. నాలుగు పవర్‌లూమ్‌ల ఆసామి, మనవరాలు ఇక్కడే నాలుగో తరగతి. మనవరాలి కంచంలో గుడ్డును రెండుగా విప్పి చూశాడు. పచ్చసొన చుట్టూ బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు, గీసినట్టు గుండ్రంగా ఉంది. వాసన చూశాడు. "కుళ్లిన గుడ్లు పెడ్తున్రు పోరగాండ్లకు!" అని అరిచాడు. అంతే, హెడ్మాస్టరు ముందూ వెనకా చూడకుండా వంట డేగిసా మొత్తం మురుగు మోరీలో గుమ్మరింపించాడు. నూట నలభై గుడ్లు. పిల్లలు కంచాలు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. కొందరికి వారంలో ఆ మూడు గుడ్లే గుడ్లు. మొగిలమ్మకు పేరు పోయినదానికన్నా మోరీ పాలైన ఆ గుడ్లే ఎక్కువ బాధ.

"సంతకం పెట్టు మొగిలమ్మా. లొల్లి పైకి పోకముందే నీకు మంచిది" అన్నాడు రాజేశ్వర్ రావు, పెన్ను ముందుకు జరుపుతూ.

"నేను పెట్ట సార్. గవి కుళ్లిన గుడ్లు కావు. ఒక్కొక్కటి నీళ్లల్ల ఏసి చూసిన, కుళ్లిందైతే తేల్తది. తేలిన రెండు గుడ్లు అప్పుడే పక్కకు పెట్టిన."

"మరి ఆ పచ్చ రంగేంది? నువ్వు పూసినవా?"

ఆ రంగు ఎందుకొచ్చిందో మొగిలమ్మకూ తెలియదు. కానీ తెలియకపోవడం వేరు, తప్పు ఒప్పుకోవడం వేరు. "రేపు శుక్రవారం. మళ్ల గుడ్డు రోజే. రేపు అన్నం గంట దాక టైమియ్యున్రి. అందరి ముంగట సూపిస్త. సూపియ్యకపోతే ఈ కాయిదం మీద సంతకం పెట్టి, గరిటె మీ టేబుల్ మీద పెట్టి పోత" అన్నది.

ఆయన నవ్వాడు. వంటామె పంతం ఒక్క రోజు ముచ్చటే కదా అనుకున్నాడు. సరేనన్నాడు.

బయటికి వచ్చి వంటపాక అరుగు మీద కూర్చుని ఆలోచించింది. పదకొండేళ్లలో ఈ పచ్చ గీత అప్పుడొకటి అప్పుడొకటి కనపడేది. నెల రోజులుగానే ప్రతి గుడ్డుకూ వస్తున్నది. మరి నెల కింద మారిందేమిటి? నీళ్లు అవే, పొయ్యి అదే. మారింది ఒక్కటే. ఎవరో ఆఫీసరు వచ్చి, పిల్లలకు అన్నీ వేడివేడిగా పెట్టాలని చెప్పి పోయాడు. ఆ మాట పట్టుకుని హెడ్మాస్టరు, గుడ్లను ప్రార్థన గంటకే పొయ్యెక్కించి, అన్నం గంట దాకా ఆ మరిగే నీళ్లలోనే ఉంచమని హుకుం వేశాడు. "అంతసేపు ఎందుకు సార్" అంటే, "నాకు చెప్తవా?" అన్నాడు. చెప్పింది, విన్నాడా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇప్పుడు గుడ్డు కుళ్లిందట!

సైన్సు చెప్పే అరుణ మేడం క్లాసు అయిపోయి వస్తుంటే ఎదురెళ్లింది. "మేడం, గుడ్డు ఎక్కువసేపు ఉడికితే లోపల పచ్చగెందుకయితది? జర నాకు తెలిసేటట్టు చెప్పున్రి."

అరుణ మేడం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "తెల్లసొనల గంధకం ఉంటది మొగిలక్కా. ఎక్కువసేపు ఉడికితే అది వాయువై బయటికొస్తది. కుళ్లిన గుడ్డు వాసనొచ్చేది గదే. పచ్చసొనల ఇనుముంటది. ఆ వాయువు లోపలికి పోయి, పచ్చసొన అంచు మీద ఆ ఇనుముతోటి కలుస్తది. కలిసిన కాడ ఆ రంగు పడ్తది. విషం కాదు, ఏం కాదు. తినొచ్చు."

"మరి గా రంగు పడకుంట ఉండాలంటే?"

"మసిలినంక పన్నెండు నిమిషాలు చాలు. ఎంటనే తీసి సల్లటి నీళ్లల్ల ఎయ్యాలె. ఉడుకు ఆగిపోతది, వాయువు తయారుగాదు. ఉన్న కొంచెం కూడ పైన సల్లగున్న దిక్కు, పెంకు దిక్కు మళ్లుతది. పచ్చసొన కాడికి పోదు." అని, చీర కొంగు సర్దుకుంటూ, "నా పేరు చెప్పకు అక్కా. ఆయన సంగతి నీకు తెలుసు కదా" అన్నది.

"మీ పేరెందుకు మేడం? గుడ్లే చెప్తయి" అన్నది మొగిలమ్మ. కోపం రాలేదు ఆమెకు. భయపడే మనుషులను ఈ బడిలో చాలామందిని చూసింది.

శుక్రవారం ప్రార్థన గంటకు ట్రేలన్నీ వంటపాక ముందు పరిచింది. హెడ్మాస్టరును పిలిచింది. "మీ ఇష్టమొచ్చిన కాడి నుంచి పన్నెండు గుడ్లు తీయున్రి సార్. పెన్నుతోటి గుర్తు పెట్టున్రి. మల్ల నేను మార్చిన అనొద్దు." ఆయన ఏరి ఏరి పన్నెండు తీసి, ఒక్కోదాని మీద అడ్డగీత గీశాడు. వాటిని చిన్న గిన్నెలో పెట్టి, ఆయన హుకుం ప్రకారమే పొయ్యెక్కించింది. "మీవి మీ లెక్కనే ఉడుకుతయి. నావి నా లెక్కన" అన్నది. మిగతా నూట ఇరవై ఎనిమిదీ నీళ్లలో వేసి చూసి, మునిగినవన్నీ పక్కన పెట్టుకుంది. ఆ రోజు ఒక్కటీ తేలలేదు.

పదకొండున్నరకు పెద్ద డేగిసాలో గుడ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. రెండు పెద్ద టబ్బుల నిండా బోరింగు నీళ్లు పట్టి పెట్టింది. పన్నెండుకు నీళ్లు బుడగలొచ్చి తెర్లడం మొదలైంది. వరండా గోడ గడియారం వంటపాకలోకి కనపడుతుంది. మంట కొంచెం తగ్గించి, గడియారం మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చున్నది. ఆ పన్నెండు నిమిషాల్లో ఆమె పదకొండేళ్లూ ఉన్నాయి. పచ్చ గీత పడితే రేపటి నుంచి కాశిబుగ్గ గల్లీల్లో ఆమె పేరు కుళ్లిన గుడ్ల మొగిలమ్మే.

పదకొండు నిమిషాలయ్యేసరికి రాజేశ్వర్ రావు వచ్చాడు. చేతిలో ఫోను. "పండరి సేటు బయలెల్లలేదింక. అరగంట పడ్తదట. గుడ్లు దించకు, పొయ్యి మీదనే ఉండనియ్యి."

మొగిలమ్మ లేచి నిలబడింది. "గుడ్డుకు పండరి సేటెవరో తెల్వది సార్. దాని టైమ్ అయింది."

"నేను చెప్తున్న, దించకు! ఆయన కండ్లతోటి చూడాలె."

"చూస్తడు. ఉడికినంక చూస్తడు."

"మొగిలమ్మా! ఇది నా ఆర్డర్!"

"మీ ఆర్డర్ చిన్న గిన్నెల ఉడుకుతాంది సార్, గా పక్క పొయ్యి మీద. దాని కాడికి పోయి నిలబడున్రి" అన్నది. పాత చీర ముక్కలు రెండు చేతులకూ చుట్టుకుని, డేగిసాను ఒక్క ఊపున దించింది. వేడినీళ్లు వంపింది. ఆవిరికి ఆయన రెండడుగులు వెనక్కి పోయాడు. గుడ్లన్నీ చల్లటి టబ్బులో గుమ్మరించింది. ఆ నీళ్లు కాసేపటికే వెచ్చబడ్డాయి. రెండో టబ్బులోకి మార్చింది. పదకొండేళ్లలో పొయ్యి దగ్గర పెద్దసారు మాట కాదన్నది అదే మొదలు. అయినా ఆగలేదు.

పండరి వచ్చేసరికి అన్నం గంట కొట్టేశారు. పిల్లలు వరసలో నిలబడ్డారు. టీచర్లంతా వరండాలోకి వచ్చారు. మొగిలమ్మ ముందు చిన్న గిన్నె దించింది. పెన్ను గీత ఉన్న గుడ్డు ఒకటి పెంకు వలిచి, దారంతో రెండుగా కోసింది. లోపల చుట్టూ పచ్చ గీత. రెండోది, మూడోది, పన్నెండూ అంతే. పండరి ముక్కు మూసుకుని, "గిదే! గిదే మొన్నటిది!" అన్నాడు.

"ఆగు పండరన్నా." టబ్బులో చెయ్యి పెట్టి, చేతికందినది తీసింది. కోసింది. పసుపుముద్ద లాంటి సొన, చుట్టూ గీత లేదు. ఇంకొకటి కోసింది. పండరినే ఇంకొకటి తీయమన్నది. ఆయన అడుగు నుంచి తీశాడు. అదీ అంతే. "అన్నీ పొద్దటి ట్రేలల్ల గుడ్లే. ఆ పన్నెండు సార్ ఏరినయే. సార్ చెప్పినట్టు పొద్దటి నుంచి మసిలినయి అవి. నేను పన్నెండు నిమిషాలకు తీసినయి ఇవి. కుళ్లింది ఏదో నువ్వే చెప్పు."

పండరి హెడ్మాస్టరు వంక చూశాడు. "గిన్నెల మసి అయ్యుంటది. మనం ఎవరినీ అనట్లేదు కదా" అన్నాడు రాజేశ్వర్ రావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది ఆ మాట.

"మసి కాదు సార్, గంధకం" అన్న గొంతు వరండాలోంచి వచ్చింది. అరుణ మేడం. ముఖం ఎర్రబడి ఉంది. "తెల్లసొనల గంధకం, పచ్చసొనల ఇనుము. ఎక్కువసేపు మసిలితే రెండూ కలుస్తయి. రంగే తప్ప చెడు లేదు."

"నిన్నెవరడిగిన్రు?"

"మొగిలక్క అడిగింది సార్" అన్నదామె. ఈసారి గొంతు తగ్గించలేదు.

మొగిలమ్మ పచ్చ గీత గుడ్డు సగం తీసుకుని, ఉప్పు అద్దుకుని, అందరూ చూస్తుండగా తిన్నది. మిగతా సగం పండరి చేతిలో పెట్టింది. ఆయన కాసేపు చూసి, నోట్లో వేసుకున్నాడు. "జర వాసనొస్తాంది గానీ, మంచిగనే ఉన్నది" అన్నాడు, సిగ్గుపడుతూ. "తప్పయింది మొగిలమ్మా. నోరు తొందరపడ్డది."

రాజేశ్వర్ రావు జేబులోంచి ఆ కాగితం తీసి నాలుగు ముక్కలు చేశాడు. "సరే, అయిపోయింది. రేపటి నుంచి నీ టైమ్ ప్రకారమే ఉడకబెట్టుకో. వడ్డించు, పిల్లలు ఆకలి మీదున్నరు."

మొగిలమ్మ గరిటె ఎత్తింది. అన్నంలో మాత్రం పెట్టలేదు. "రేపటి సంగతి నేను చూసుకుంట. మొన్నటి సంగతి మీరు చెప్పున్రి సార్. పిల్లలకు. నేను కుళ్లిన గుడ్లు పెట్టిన అని గీ పోరగాండ్ల ముంగటనే లొల్లి చేసిన్రు. వీళ్లు ఇండ్లకు పోయి చెప్పిన్రు. ఇప్పుడు మంచియే అని మీ నోటితోటి చెప్పున్రి."

వరస కదలలేదు. టీచర్లలో ఒక్కరూ ఆయనను వెనకేసుకు రాలేదు. పండరి మోరీ వైపు ముఖం తిప్పుకున్నాడు. రాజేశ్వర్ రావు జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆమె గరిటె దించలేదు.

"పిల్లలూ... బుధవారం నాటి గుడ్లు... మంచియే. మొగిలమ్మ తప్పేం లేదు" అన్నాడు.

వరసలో ముందున్న మూడో తరగతి పిల్ల తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది.

"మరి ఎందుకు పారబోసిన్రు సార్?"