ఇరవై రూపాయల కాఫీ

మా ఆయన బ్లెసన్‌ది తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఎయిర్‌పోర్టు కార్గోలో పనిచేసే రోజుల్లో టెర్మినల్లో కాఫీ ధర చూసి ఇంటికొచ్చి గొడవ గొడవ చేశాడు.

"కప్పు రెండొందల యాభై అంటనే సునీలా! దొంగలు. గండ్ల ఏముంటది? పాలు, పొడి, జర చక్కెర. మనింట్ల ఇరవై కూడ కాదు. మనం డెబ్బైకి అమ్మినా యాభై మిగుల్తది."

లెక్క నాకూ నచ్చింది. అబద్ధమెందుకు చెప్పాలి? ఇంట్లో ఫిల్టర్ కాఫీ చేసేది నేనే, ఇరవై దాటదని నాకూ తెలుసు. మా అత్త ప్రేమావతికి శంషాబాద్‌లో ఉన్న రెండు గదుల ఇంటి కాగితాలు కుదువపెట్టి, పెద్దరోడ్డు మీద షాపు తెరిచాం. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. అత్త మొదటి కప్పు తాగి, మూతి తుడుచుకుని, "మంచిగుందిరా" అంది.

షాపు నిండింది. అదే మా ఖర్మ. ఫ్లైటుకు ఇంకా నాలుగు గంటలుందని పెట్టెలతో సహా వచ్చి కూర్చునేవాళ్లు. ఒక కప్పు చెప్పి, ఫోను చార్జింగుకు పెట్టి, ఏసీ కింద కునుకు తీసేవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు కుర్చీలు లేక వెనక్కి పోయేవాళ్లు. ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి వాళ్లంతా వచ్చేవాళ్లు. మనవాళ్ల దగ్గర డబ్బులు తీసుకుంటే ఎట్లా అని బ్లెసన్ చేయి అడ్డం పెట్టేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

మూడు నెలలకు గాని నాకు బుర్రకెక్కలేదు. ఇంట్లో కాఫీకి గది కిరాయి లేదు, నా చేతికి జీతం లేదు, పొయ్యికి కిస్తీ లేదు. ఇక్కడ కప్పు, మూత, పారబోసిన పాలు, సరిగా దిగక పారేసిన కాఫీ, అన్నీ కలిపి సరుకుకే ముప్పై ఐదు. మిగిలిన ముప్పై ఐదులోంచే కిరాయి, కరెంటు, కాఫీ మిషను కిస్తీ, ఇద్దరు పనివాళ్ల జీతాలు రావాలి. రోజుకు నూట ముప్పై కప్పులు పోతే గాని నష్టం ఆగదు. మేం అరవై అమ్మేవాళ్లం. ఆ రెండొందల యాభైలో కాఫీ చాలా తక్కువ, మిగతాదంతా కుర్చీ ధర. దొంగలు కాదు వాళ్లు. తెలివితక్కువవాళ్లం మేము.

ధర నూట యాభై చేశాం. రోజుకు నలభై కప్పులు పోయినా గట్టెక్కేవాళ్లం. ఇరవై దాటలేదు.

"పేరున్న షాపుల తాగొచ్చు గదన్నా గంత పెట్టి" అని ఒకాయన నవ్వి పోయాడు. బ్లెసన్ ఆరోజు అన్నం తినలేదు. ఎంత బతిమాలినా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇక నెలాఖరులోపు షాపును ఎవరికైనా అప్పజెప్పి అప్పు తీర్చకపోతే అత్త ఇల్లు పోయే పరిస్థితి వచ్చింది. ఆమె ఏమీ అడిగేది కాదు. అడగకపోవడమే నన్ను తినేసేది.

నిన్న షాపు తీసుకుంటామని బడంగ్‌పేట్ నుంచి ఒక జంట వచ్చింది. అతను చందు, ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతాడు. ఆమె సరిత. మిషను చుట్టూ తిరిగి, గోడలు తట్టి, సరిత నన్ను పక్కకు పిలిచింది.

"అక్కా, నిజం చెప్పు. ఇంట్ల చేస్తే ఇరవై రూపాయలే గదా?"

బ్లెసన్ నావైపు చూశాడు. ఆ చూపులో అత్త ఇల్లంతా ఉంది. కాదనకూడదని నాకు తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"ఇంట్ల ఇరవయ్యే. ఈడ కాదు చెల్లే. కిరాయి, జీతాలు, కిస్తీ, అన్నీ గా కప్పులకెల్లే తియ్యాలె. మేం గట్లనే మునిగినం. ఒద్దు, పోండ్రి."

బ్లెసన్ తల పట్టుకుని కూలబడ్డాడు. అయిపోయింది, ఇల్లు పోయిందనుకున్నాను.

చందు నవ్వాడు. "మీరు నూట యాభై పెట్టి చెడగొట్టుకున్నరక్కా. మేం యాభైకే ఇస్తం. జనం ఎట్ల రారో చూస్త."

"జనం రాక గాదు తమ్మీ, వచ్చి కూసుండిపోతేనే నష్టం..." అన్నాను.

అతను వినలేదు. ఒకప్పుడు మేమూ ఎవరి మాట వినలేదు. అప్పటికప్పుడే బ్లెసన్ ఫోనుకు అడ్వాన్సుగా బయానా పంపాడు. బ్లెసన్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకే తెలియలేదు. అత్త ఇల్లు నిలిచింది.

వెళ్తూ వెళ్తూ సరిత గుమ్మం దగ్గర ఆగి, మెడలో గొలుసును కొంగు కింద సర్దుకుంటూ మెల్లగా అడిగింది.

"అక్కా, మిగిలిన పైసలకు బంగారం కుదువ పెట్టాలె. ఏడ ఎక్కువిస్తరు?"

చెప్పాను. బస్టాండు పక్క సందులో, మెట్లెక్కగానే ఎడమచేతి వైపని కూడా చెప్పాను.