పక్క గడిలో ఐదువందలు

నేను రాసే లెడ్జర్‌లో ఒక ఖాతాదారు పేరున ఐదువందలు బాకీ కనిపించింది. అతనేమో అంతా తీర్చేశానన్నాడు. "డిస్కౌంటిచ్చాను బాబూ!" అని మా ముసలి క్యాషియర్ మొత్తుకున్నాడు. "నా లెడ్జర్ అబద్ధమాడుతుందా?" అని ఎగిరింది నేనే. ఓనరు ఆయన్ని దొంగని చేసి గెంటేశాడు. వారం తిరక్కుండా ముసలాయన గుండె ఆగి పోయాడు.

నెలాఖరున డిస్కౌంట్ల మొత్తాన్ని డిస్కౌంటు ఖాతాకి ఎక్కించి ట్రయల్ బ్యాలెన్స్ వేస్తే, క్రెడిట్‌తో సమానం కావాల్సిన డెబిట్ సరిగ్గా ఐదువందలు ఎక్కువొచ్చింది. క్యాషియర్ రాసిన క్యాష్ బుక్ తీశాను. ముత్యాల్లాంటి ఆయన రాత: ఆ ఖాతాదారు కట్టిన నగదు తొమ్మిదివేల ఐదువందలు, పక్క గడిలో డిస్కౌంటు ఐదువందలు. రెండూ కలిపి ఖాతాదారుకి జమ కట్టాలి. నగదొక్కటే ఎక్కించిన వెధవని నేను.

"జమ రాసి సరిచెయ్," అన్నాడు ఓనరు. రాశాను. లెక్క కుదిరింది.

బయట బెంచీ మీద క్యాషియర్ భార్య, ఆ ఐదువందలూ కట్టడానికొచ్చి, నోట్లు లెక్కపెట్టుకుంటోంది.