మాటకు ముందు ఊపిరి

ట్రైలర్ కట్ చేయడమంటే సగం నిజం చెప్పడం. మొత్తం నిజం చెబితే దర్శకుడు తిడతాడు, అసలు చెప్పకపోతే ప్రేక్షకులు తిడతారు. పదకొండేళ్ళుగా ఈ ఎడిటింగ్ గదిలో కూర్చుని ఇద్దరి చేతా తిట్లు తింటున్నదాన్ని కాబట్టి అదేమీ నాకు కొత్త కాదు. కానీ ఈసారి తెర మీద ఉన్నది మా బాబాయి.

బాబాయి నలభై ఏళ్ళు నాటకాలకు ప్రాంప్టరుగా పనిచేశాడు. తెర పక్కన స్టూలు మీద కూర్చుని, మాట మరిచిపోయిన నటుడికి గుసగుసగా అందించేవాడు. ఆ గొంతు నటుడికి వినపడాలి, ముందు వరసకు వినపడకూడదు. నాటకాలవాళ్ళు ఆయన్ని ‘తెరచాటు’ అని పిలిచేవారు. ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడడం ఆయనకు చేతకాదు. ఆయన వంతు కూడా పిన్నే మాట్లాడేసేది.

మా దర్శకుడు నాకంటే ఆరేళ్ళు చిన్న. పట్టుదలలో మాత్రం నాకు తాతలాంటివాడు. వాడు తీసిన పదిహేను నిమిషాల సినిమాలో బాబాయి ఒక పాత భవనంలో లిఫ్టు నడిపే మనిషి. ఎక్కినవాళ్ళందరూ ఏదో ఒకటి వాగుతూనే ఉంటారు, ఆయన మాత్రం పెదవి విప్పడు. చివర్లో కరెంటు పోయి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతుంది. చీకట్లో ఒక పాప ఏడుపందుకుంటుంది. అప్పుడాయన మొదటిసారి నోరు తెరిచి, “నేనిక్కడే ఉన్నానమ్మా” అంటాడు. అంతే సినిమా. ఆ మాట ముందే బయటపడితే మిగతా సినిమాకు అర్థం లేదు.

షూటింగ్ అయిన రెండు నెలలకు బాబాయి గొంతు బొంగురుపోయింది. జలుబు అనుకున్నాం. పరీక్షలన్నీ అయ్యాక, స్వరపేటిక తీసేస్తే తప్ప ప్రాణం దక్కదన్నారు. గురువారం ఆపరేషన్. ఆ ముందు రోజు, బుధవారం సాయంత్రం, లఘుచిత్రాల పోటీవాళ్ళు ఎంపికైన సినిమాల ట్రైలర్లన్నీ ఒక హాల్లో వేస్తున్నారు. అసలు సినిమాలు వేసేది ఐదు వారాల తర్వాత.

సోమవారం మొదటి కట్ చూపించాను. దర్శకుడు సగంలోనే ఆపమన్నాడు.

“అక్కా, వయొలిన్ రాగం మొత్తం వేసేశావేంటి? దాని ఆఖరి స్వరం వచ్చి ఆగేది ఆ మాట మీదే కదా. రేపు సినిమా చూసేవాళ్ళకి రాగం మొదలవగానే చెవి చెప్పేస్తుంది.”

ఒళ్ళు మండింది, ఎందుకంటే వాడు చెప్పింది నిజం. బొమ్మల్లో ముగింపు రాకుండా అంత జాగ్రత్తపడి, సంగీతంలో దాన్ని తెచ్చి చేతిలో పెట్టాను. సంగీతం చేసినతన్ని అడిగి ఏ వాయిద్యానికి ఆ వాయిద్యం విడిగా తెప్పించుకున్నాను. వయొలిన్ తీసేసి అడుగున ఉన్న సన్నటి హోరు ఒక్కటే ఉంచాను. లిఫ్టు ఇనుప తలుపు మూసుకునే చప్పుడునే తాళం చేసుకున్నాను. చప్పుడుకో షాటు. మొదటిది ఆరు సెకన్లు, తర్వాత నాలుగు, రెండు, ఆపైన అర సెకను చొప్పున. చీకటి షాట్లు ఒక్కటి కూడా వాడలేదు, పాపను పూర్తిగా దాచేశాను. ఎక్కేవాళ్ళ కబుర్లన్నీ బాబాయి మొహం మీద పరిచాను, ఆయన మాట్లాడడం లేదన్న సంగతి కూడా ఎవరికీ తట్టకుండా. చివరి ఏడు సెకన్లలో ఏం పెట్టాలో మాత్రం తోచలేదు.

దర్శకుడూ నేనూ దాని గురించే ఆలోచిస్తుంటే, సరిగ్గా అప్పుడే పిన్ని వచ్చింది.

“ఏమే, మీ బాబాయి మాట ఇందులో పెట్టావా?”

“అది చివర్లో వచ్చేది పిన్నీ. ట్రైలర్‌లో పెట్టకూడదు.”

“ఒక్క మాటేగా.”

“ఆ ఒక్క మాటే సినిమా.”

పిన్ని కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించింది. “నిన్న ఏమన్నాడో తెలుసా? హాల్లో ఆ మాట వినపడితే ముందు సీట్లోవాళ్ళెవరైనా వెనక్కి తిరిగి ‘మీరేనా?’ అంటారట. ‘నేనే’ అని చెప్పాలట. జన్మంతా ఎవరికీ వినపడకుండా మాట్లాడినవాడికి అదొక్కటే కోరికే. గురువారం తర్వాత ఎవరడిగితే మాత్రం ఏం చెప్తాడు?”

నేను దర్శకుడి వైపు చూశాను. కాదంటాడనుకున్నాను. కాదంటే వాడి మీద అరిచి ఊపిరి పీల్చుకునేదాన్ని.

“నీ ఇష్టం అక్కా. పెడతానంటే నేను అడ్డు చెప్పను” అని లేచి బయటికి వెళ్ళిపోయాడు.

భారం మొత్తం నా నెత్తిన పడింది. పెడితే వాడి ఏడాది కష్టం మంట్లో కలుస్తుంది. పెట్టకపోతే బాబాయికి ఆ ఒక్క సాయంత్రమూ లేకుండా పోతుంది. చివరి ఏడు సెకన్లలో ఆ మాట పెట్టాను. చక్కగా అమరింది. అమరిందని ఇంకా ఏడుపొచ్చింది.

మంగళవారం పొద్దున్నే బాబాయి మెట్లెక్కి వచ్చాడు. పిన్ని అడిగిన సంగతి తెలిసి సిగ్గుపడుతున్నాడు. వేసి చూపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. మూడోసారి కూడా విని, ఆ బొంగురు గొంతుతోనే, “తీసెయ్ తల్లీ” అన్నాడు.

“బాబాయ్, నీకు కావాలని కదా...”

“కావాలి. కాదన్నానా? కానీ నటుడు ఇంకా ఊపిరి తీసుకుంటుండగానే మాట అందించేస్తే నాటకం పాడైపోద్ది. నలభై ఏళ్ళలో ఒక్కసారీ ఆ తప్పు చెయ్యలేదు. ఇప్పుడు నా కోసం చెయ్యమంటావా?” తెర మీది తన మొహం వైపు వేలు చూపించాడు. “ఊపిరి దాకా ఉంచు. చాలు.”

వెతికితే నిజంగానే ఉంది. ఆ మాటకు ముందు ఆయన లోపలికి తీసుకున్న ఊపిరి శబ్దం విడిగా దొరికింది. తలుపు చప్పుళ్ళు వేగంగా వచ్చి వచ్చి ఒక్కసారిగా తెగిపోతాయి. హోరు కూడా ఆగిపోతుంది. పగటి వెలుతురులో ఆయన మొహం, కదలకుండా నాలుగు సెకన్లు. ఒక ఊపిరి. నల్ల తెర. దాని మీద సంగీతం లేకుండా పేరు. నేను కట్ చేసిన ట్రైలర్లలో ఇంత మంచిది ఇంకోటి లేదు. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే రోత పుట్టింది.

బుధవారం హాల్లో బాబాయి నాకూ పిన్నికీ మధ్య కూర్చున్నాడు. మాది ఏడో ట్రైలర్. ఊపిరి వినపడింది, తెర నల్లబడింది, హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నా చెవి పక్కన, “నేనిక్కడే ఉన్నానమ్మా” అని వినపడింది. నటుడికి అందేంత, ముందు వరసకు వినపడనంత. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక్కి మాత్రం ఎవరూ తిరగలేదు.

ఐదు వారాల తర్వాత అదే హాలు. బాబాయి మెడకు పల్చటి గుడ్డ కట్టుకుని వచ్చాడు. ఇప్పుడు ఊపిరి ఆడేది ఆ గుడ్డ కింద నుంచే, ముక్కు నుంచీ నోటి నుంచీ కాదు. సినిమాలో కరెంటు పోయింది, పాప ఏడ్చింది, ఆ మాట వచ్చింది. పక్క వరసలో ఎవరో వెక్కడం వినపడింది. దర్శకుడు అరచేతుల్లో మొహం దాచుకున్నాడు.

లైట్లు వెలిగాయి. ముందు సీట్లో పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. బాబాయిని చూసి అలాగే ఆగిపోయింది.

“మీరేనాండీ?”

బాబాయి మెడ దగ్గర గుడ్డ లోపలికి పోయింది. పెదవులు ‘నేనే’ అన్నాయి. చప్పుడు లేదు. ఆవిడ అర్థంకాక ఇంకాస్త ముందుకు వంగింది. బాబాయి నా వైపు తిరిగాడు, మాట మరిచిపోయిన నటులు జన్మంతా ఆయన వైపు తిరిగినట్టు. నేను అందించాల్సింది ఒక్క మాట. అది నోటిదాకా వచ్చింది, ఊపిరి దగ్గరే ఆగిపోయింది.

తన మాట ఆయనకు వినపడలేదేమో అనుకుని ఆవిడ చిన్నగా నవ్వి, లేచి జనంలో కలిసిపోయింది.

“ఆయనేనండీ” అంది పిన్ని గట్టిగా. అప్పటికే ఆవిడ తలుపు దాటిపోయింది.