మీరు ఫోన్‌లో చెప్పినట్టుగా

అమ్మమ్మ మంచం పక్కనున్న ఆక్సిజన్ మెషిన్ మీద ఆకుపచ్చ లైటు ఆరిపోయి పసుపు లైటు వెలిగింది. ముందుగా చూసింది నేనే. కానీ నేను చెప్పేలోపే అది కీచుమని అరవడం మొదలుపెట్టింది.

పిన్ని వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, అమ్మమ్మ వేలికి ఆక్సిజన్ కొలిచే చిన్న క్లిప్పు పెట్టి అంకె చూసింది. ఫరవాలేదు. మెషిన్ గాలి ఇస్తూనే ఉంది, కానీ అందులో ఆక్సిజన్ ఉండాల్సినంత లేదని పసుపు లైటుకు అర్థం. మూలన ఒక చిన్న సిలిండర్ ఉంది. అది కరెంటు పోయినప్పుడు కాసేపు ఆదుకోవడానికే. అమ్మమ్మ ఊపిరితిత్తులకు మెషిన్ లేకుండా గడవదు. నిద్రలో ముక్కు దగ్గరి గొట్టం పక్కకు జరిగినా ఆమె పెదవులు నల్లబడతాయి.

"ఎందుకే అంత హైరానా? నేనింకా మాట్లాడుతున్నానుగా," అంది అమ్మమ్మ.

"నువ్వు మాట్లాడటం ఆపినప్పుడు హైరానా పడి ఏం లాభం?" అంటూ పిన్ని మెషిన్ అద్దెకిచ్చిన కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది.

చాలాసేపు పాట వినిపించాక ఒకబ్బాయి పలికాడు. మర్యాదగానే మాట్లాడాడు. మెషిన్ లోపల గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసే జల్లెడ అరిగిపోయి ఉంటుందని, రిపేరు ఇంట్లో కుదరదని, వర్క్‌షాపుకు తీసుకెళ్ళాలని అన్నాడు.

"తీసుకెళ్తే మా అమ్మ దేంతో ఊపిరి పీల్చాలి బాబూ?"

"దాని బదులు ఇంకోటి పంపిస్తాం మేడమ్."

"ఎప్పుడు? ముందా, తర్వాతా?"

అతను ఎవరినో అడిగి వచ్చాడు. "ముందే మేడమ్. ఎల్లుండి టెక్నీషియన్ బదులు మెషిన్ తెచ్చి, పెట్టి, సరిగ్గా పనిచేస్తోందని చూశాకే పాతది తీస్తారు."

పిన్ని ఆ మాటనే మళ్ళీ అతనికి అప్పజెప్పింది. అవునన్నాడు. ఫిర్యాదు నంబరు, అతని పేరు, వాళ్ళ మెయిల్ అడ్రసు అడిగింది. నేను పాత క్యాలెండర్ వెనక రాసుకున్నాను.

"ఇవన్నీ మెయిల్ పెడతాను బాబూ."

"అవసరం లేదు మేడమ్, కాల్ రికార్డవుతుంది."

"అయితే మంచిదే. కానీ ఆ రికార్డు మీ దగ్గరుంటుంది. మరి నా దగ్గర ఏముంటుంది?"

అతను నవ్వేశాడు. "సరే మేడమ్, సబ్జెక్టులో ఫిర్యాదు నంబరు వేయండి. అప్పుడు అది మీ ఫైల్లోకే చేరుతుంది."

పిన్ని ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తుంది. అక్కడ అచ్చు పని ఇచ్చినవాళ్ళు ఫోన్‌లో దిద్దుబాట్లు చెబుతారు. ఏం చెప్పారో అదే మళ్ళీ రాసి వాళ్ళకు పంపకుండా అచ్చు మెషిన్ ఎక్కించరు. ఒకసారి ఎవరో పెళ్ళికొడుకు పేరు మార్చమని ఫోన్‌లో చెప్పి, కార్డులు అచ్చయ్యాక మేమెప్పుడు చెప్పామన్నారట. "పెళ్ళికొడుకులే మారిపోయే లోకంలో, మాటలు మారవని ఏం నమ్మకం?" అంటుంది పిన్ని.

ఆమె డ్యూటీకి టైమైంది. "అమ్మడూ, మెయిల్ నువ్వు రాయి. వెళ్ళేముందు చూస్తాను," అంది.

నేను మా ఊరి బడిలో చదువు ముగించుకుని పిన్ని ఇంటికి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఎవరైనా పలకరిస్తే నా మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూలబడుతుంది. అమ్మమ్మ నాకు 'మూగనోము' అని పేరు పెట్టింది. కానీ రాయడమంటే భయం లేదు. బడిలో ఉత్తరాలు రాయడం తెలుగు మాస్టారు బాగా నేర్పారు. ఆయన్ను తలుచుకుని శ్రద్ధగా రాశాను.

పిన్ని చెప్పులు వేసుకుంటూ పైకి చదివింది. "గౌరవనీయులైన కంపెనీ వారికి నమస్కరించి వ్రాయునది. మా అమ్మమ్మగారి మెషిన్ పాడైనది. కావున తమరు దయతలచి, వీలైనచో వేరొక మెషిన్ ఇప్పించవలసినదిగా ప్రార్థన..."

అమ్మమ్మ దగ్గొచ్చేదాకా నవ్వింది. "జ్వరమొచ్చింది, సెలవిప్పించండి అని కూడా రాయకపోయావా!"

పిన్ని మాత్రం నవ్వలేదు. నా పక్కన కూర్చుంది. "చూడమ్మడూ. వాళ్ళు ఇస్తామన్నారు. ఆ మాట వాళ్ళ నోటి నుంచి వచ్చేసింది. ఇప్పుడు నువ్వు మళ్ళీ ప్రార్థన అంటే ఏమవుతుంది? ఇంకా ఏమీ ఇవ్వలేదని నువ్వే ఒప్పుకున్నట్టు. రేపు వాళ్ళు కుదరదనొచ్చు. అడగకు. ఏం జరిగిందో చెప్పు, చాలు."

"పెద్ద కంపెనీ కదా పిన్నీ... మీరు ఇలా అన్నారు అని రాస్తే కోపం రాదూ?"

"అన్న మాట అన్నారంటే కోపమెందుకు?"

ఇన్నేళ్ళుగా నేను రాసిన ఉత్తరాలన్నింటిలో 'కావున' తర్వాత నేను తల వంచుకునే ఉన్నానని అప్పుడే తెలిసింది. చెరిపేసి, మళ్ళీ మొదలుపెట్టాను.

"ఈ రోజు ఉదయం మీ కస్టమర్ కేర్‌తో ఫోన్‌లో అనుకున్న విషయాలు ఇవి. మా ఇంట్లో ఉన్న ఆక్సిజన్ మెషిన్‌లో పసుపు లైటు వెలుగుతోంది. మీరు ఫోన్‌లో చెప్పినట్టుగా, ఎల్లుండి మీ టెక్నీషియన్ బదులు మెషిన్ తీసుకొస్తారు. అది పెట్టి, సరిగ్గా పనిచేస్తోందని చూసిన తర్వాతే పాతది తీసుకెళ్తారు. పేషెంటు ఆక్సిజన్ లేకుండా ఉండలేరు. ఇందులో ఏదైనా తప్పుగా ఉంటే రేపు సాయంత్రంలోగా తెలియజేయండి. లేకపోతే ఇదే మనం అనుకున్న మాటగా భావిస్తాం."

మాట్లాడిన అబ్బాయి పేరు, కాల్ చేసిన టైము చేర్చాను. సబ్జెక్టులో ఫిర్యాదు నంబరు వేశాను. తనక్కూడా ఒక కాపీ వచ్చేలా చూడమంది పిన్ని. పంపిన వెంటనే 'మీ మెయిల్ అందింది' అని జవాబొచ్చింది. అది మనిషి రాసింది కాదు, దానంతటదే వచ్చేదని పిన్ని చెప్పింది. అయినా నేను చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. మరునాడు సాయంత్రం దాకా తప్పని ఎవరూ రాయలేదు.

చెప్పిన రోజు మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. పిన్ని ప్రెస్సులో ఉంది. తలుపు తీస్తే కంపెనీ చొక్కా వేసుకున్న టెక్నీషియన్, అతని వెనక ఖాళీ ట్రాలీ.

"మెషిన్ తీసుకెళ్ళడానికి వచ్చానమ్మా."

నేను ట్రాలీ వైపు చూశాను. మెట్ల వైపు చూశాను. ఇంకేమీ లేదు.

"ఇంకోటి...?" అన్నాను. అంతవరకే వచ్చింది.

"నా ఆర్డర్లో పికప్ అని మాత్రమే ఉంది. బదులుది సాయంత్రం ఎవరైనా తెస్తారేమో. అందాకా సిలిండర్ పెడదాంలే."

"ఏ సాయంత్రం నాయనా?" మంచం మీంచి అడిగింది అమ్మమ్మ. "నీ సాయంత్రమూ, నా సాయంత్రమూ ఒకటేనా?"

అతను నొచ్చుకున్నాడు. చెడ్డవాడేమీ కాదు. "నన్నేం చెయ్యమంటారు పెద్దమ్మా? తీసుకెళ్ళకపోతే నన్ను నిలదీస్తారు."

పిన్నికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. అచ్చు మెషిన్ తిరుగుతుంటే పక్కన పిడుగు పడ్డా ఆమెకు వినబడదు. టెక్నీషియన్ మెషిన్ దగ్గరికి వెళ్ళి వంగాడు. ప్లగ్గు మీద చెయ్యి వేశాడు. నేనెప్పుడు వెళ్ళానో తెలియదు, ప్లగ్గుకూ అతనికీ మధ్య నిలబడి ఉన్నాను. నా ఫోన్‌లోని మెయిల్ తీసి అతని ముఖం ముందు పెట్టాను.

అతను మెల్లగా చదివాడు. మరోసారి చదివాడు. "ఇది నాకెవరూ చెప్పలేదే," అంటూ ఆఫీసుకు ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి నా చేతికిచ్చాడు. "మీరే మాట్లాడండమ్మా."

అవతల ఒకావిడ. "మా రికార్డులో పికప్ అనే ఉందండీ. బదులు మెషిన్ గురించి ఏమీ రాసి లేదు. అలా ఎవరన్నారు?"

నా మాట ఎప్పటిలాగే గొంతులో కూలబడింది. గదిలో ఇద్దరూ నావైపే చూస్తున్నారు. అప్పుడొకటి తట్టింది. బడిలో ప్రశ్న అడిగితే వణికేదాన్ని కానీ, పుస్తకంలో పాఠం చదవమంటే ఎప్పుడూ తడబడలేదు. ఇప్పుడు కూడా నేను మాట్లాడక్కర్లేదు. చదివితే చాలు.

"ఈ రోజు ఉదయం మీ కస్టమర్ కేర్‌తో ఫోన్‌లో అనుకున్న విషయాలు ఇవి," అని మొదలుపెట్టి, చివరి దాకా చదివాను. అబ్బాయి పేరు, కాల్ టైము కూడా.

అవతల కీబోర్డు చప్పుడు.

"సబ్జెక్టులో ఫిర్యాదు నంబరు వేశారా?"

"వేశామండీ."

"ఆఁ... ఉంది. ఫైల్లోనే ఉంది." ఆవిడ గొంతు మారింది. "మేం దీనికి కాదని జవాబివ్వలేదు కదా?"

"లేదండీ."

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి."

పాట మొదలైంది. నేను మెయిల్లోని అక్షరాల వైపు చూస్తున్నాను. అవి నేను ఈ మంచం పక్కన కూర్చుని, బొటనవేళ్ళతో కొట్టినవి. ఇప్పుడు ఎక్కడో నేనెన్నడూ చూడని ఆఫీసులో, ఎవరో పెద్దవాళ్ళు వాటి ముందు ఆగిపోయారు. నా గొంతు గుమ్మం దాటదు. అవి మాత్రం అంత దూరం వెళ్ళి, నేను లేకుండానే నిలబడి ఉన్నాయి. ఆకాశం వైపు చూసినప్పుడు కలిగేలాంటి భయం వేసింది. అందులో ఆనందం కూడా ఉంది.

పాట ఆగింది. "మా సూపర్‌వైజర్ చూశారమ్మా. ఆ రోజు మా వాళ్ళు మాటిచ్చారు కానీ ఆర్డర్లో ఎక్కించలేదు. తప్పు మాదే. బదులు మెషిన్ ఇప్పుడే గోడౌన్ నుంచి పంపిస్తున్నాం. అది పనిచేసేదాకా పాతదాన్ని కదపరు."

టెక్నీషియన్ గట్టిగా ఊపిరి వదిలి ట్రాలీని గోడకు ఆనించాడు. ఫోన్ పెట్టేయబోతున్నారు. అప్పుడు గూట్లోంచి పిట్ట ఎగిరినట్టు నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది.

"అండీ... ఇప్పుడు మీరన్నది కూడా మెయిల్ పెడతానండీ. మీ పేరు చెప్తారా?"

ఆవిడ నవ్వి, పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా.

"ఏమోననుకున్నాను, మూగనోము ఉద్యాపన అయిపోయింది!" అంది అమ్మమ్మ.

వ్యాను పొద్దు వాలేలోపే వచ్చింది. టెక్నీషియన్ కొత్త మెషిన్‌ను మంచం అవతలి పక్కన పెట్టి, ఆన్ చేసి, దాని గాలికి చిన్న మీటరు పట్టాడు. అంకె పైకి పాకి నిలిచేదాకా కదల్లేదు. తృప్తిపడ్డాక నావైపు చూసి, "మీరూ చూడండమ్మా," అన్నాడు. చూసి తలూపాను. అప్పుడు గొట్టం చివరను పాతదాన్నుంచి తీసి కొత్తదానికి తగిలించాడు.

ఆ కాస్త వ్యవధిలో నేను కూడా ఊపిరి బిగబట్టాను.

అమ్మమ్మ కళ్ళు మూసుకుని లోపలికి పీల్చింది. ఛాతీ మెల్లగా లేచింది. పెదవుల రంగు మారలేదు.

"వస్తోందా పెద్దమ్మా?"

"వస్తోంది నాయనా. ఇక నన్ను కాసేపు పడుకోనివ్వండి. ఇద్దరూ కలిసి నా ముక్కునే చూస్తూ కూర్చున్నారు."