బయటికి తెరుచుకునే తలుపు

“అయిందా అండీ?” బాత్రూం తలుపు దగ్గర అత్తయ్యగారు మూడోసారి అడిగారు. లోపలినుంచి జవాబు లేదు.

కాసేపటికి మామయ్యగారు తల తుడుచుకుంటూ బయటికొచ్చారు. “స్తోత్రం చదువుకుంటుంటే పలకరించొద్దని ఎన్నిసార్లు చెప్పాను పుణ్యవతీ? మళ్లీ మొదటినుంచి చదవాల్సొచ్చింది.”

“ఊఁ అంటే చాలు కదండీ.”

“ఊఁ అన్నా మాటే.”

మామయ్యగారు స్నానంలో మనసులోనే చదువుకుంటారు, నోరు విప్పరు. ఆయన శ్రావణంలో ఓసారి లోపల జారినప్పటినుంచి అత్తయ్యగారికి ఆ నిశ్శబ్దమంటే భయం.

ఆ సంగతి విని మా మరిది లోహిత్ ఐర్లండ్ నుంచి మా ఆయనకు ఉత్తరం రాశాడు. అక్కడ వృద్ధుల ఆశ్రమంలో పనిచేస్తాడు.

“అన్నయ్యా, తువ్వాలు కడ్డీ తీసేయించు. తూలినప్పుడు చెయ్యి దానిమీదికే పోతుంది, అది ఊడొస్తుంది. గట్టి కడ్డీలు వేయించు. ఎత్తు నన్నడక్కు, నాన్న కూర్చుని లేచేటప్పుడు చెయ్యి ఎక్కడ పడుతుందో చూడు. తలుపు బయటికి తెరుచుకోవాలి. ఆయన లోపల పడితే, ఇప్పుడున్న తలుపుకి ఆయనే అడ్డం. గడియ బయటినుంచి నాణెంతో తిప్పి తీసేది కావాలి. అది లేకపోతే మిగతాదంతా దండగ.”

మామయ్యగారు అన్నీ ఒప్పుకున్నారు, గడియ తప్ప. “బయటివాళ్లు తీయగలిగితే అది గడియెలా అవుతుందిరా బాలూ? నా పాతదే బిగించమను.”

మా ఆయన గచ్చిబౌలి బస్సుకి టైమైందని తప్పించుకున్నారు.

పనికి మేస్త్రీ స్వామి వచ్చాడు. గోడ తట్టి గట్టిచోటు చూసి, పొడుగు బోల్టులు దించి, కడ్డీకి తనే వేలాడి చూశాడు. తలుపు ఊడదీసి కొత్త చౌకట్టు నిలబెట్టాడు. “సిమెంటు ఆరాలె పెద్దాయనా. తలుపు రేపు బిగిస్త. గీ ఒక్కదినం పరదాతోని నడిపియ్యున్రి.”

మర్నాడు పొద్దున్న మామయ్యగారు పరదా వెనక స్నానానికి కూర్చున్నారు. పరదా నేలకి జానెడు పైకే ఆగింది. ఆ సందులోంచి అత్తయ్యగారి పాదాలు కనిపిస్తూనే ఉన్నాయట. నొప్పి మోకాలి మీది బరువు రెండోదాని మీదికి మార్చుకుంటూ, స్నానమయ్యేదాకా ఆవిడ నిలబడే ఉన్నారు. ఆయన పీటమీద అలాగే చూస్తూ కూర్చున్నారట.

బయటికొచ్చి నన్ను మెల్లగా అడిగారు. “జయంతీ, మీ అత్తయ్య రోజూ ఇలాగే నిలబడుతుందా?”

“రోజూను మామయ్యగారూ. కుర్చీ వేస్తే, కూర్చుంటే లోపలి చప్పుడు వినబడదు, తీసెయ్యమంటారు.”

స్వామి తలుపు బిగించి గడియ సంగతి అడిగితే, రేపు చెబుతామని మామయ్యగారు పంపేశారు.

రాత్రి భోజనాల దగ్గర పప్పు కలుపుకుంటూ అన్నారు. “బాలూ, లోహిత్ రాసిన గడియే వేయించు. ఇంకోటి. రేపటినుంచి స్తోత్రం పైకే చదువుతాను.”

“మీ గొంతు నాకు వంటింట్లోకి వినబడాలిగా,” అన్నారు అత్తయ్యగారు.

“వినబడేలాగే చదువుతాను. నువ్వు మాత్రం కూర్చుని విను.”