మేఘం వెనకాల నలుపు

మా అత్తగారికి ఇద్దరు అల్లుళ్లు. ఇద్దరమూ ఒకే సంస్థలో విమానాలు నడిపే కెప్టెన్లమే. అయినా ఆవిడ నోట "కెప్టెన్ అల్లుడు" అని వచ్చిందంటే అది మా తోడల్లుడి గురించే. నేను ఉత్త పెద్దల్లుడిని. అతను నాకంటే ఆరేళ్లు చిన్న, అయినా రెండేళ్లు ముందే కెప్టెన్ అయ్యాడు. ఆ రెండేళ్లలో పిలుపు అతనికి అతుక్కుపోయింది. తర్వాత నా భుజాల మీదికీ కెప్టెన్ నాలుగు గీతలు వచ్చాయి గానీ, అత్తగారి దగ్గర బిరుదులు అప్పటికే అయిపోయినట్టున్నాయి.

నాకు అసూయ లేదని అబద్ధమాడను. అతని కారు, అతని నవ్వు, చివరికి అతని జుట్టు చూసినా నాకు కడుపుమంటే.

ఆ రోజు అత్తగారు చిన్నకూతురి ఇంటికి బయల్దేరారు. ఆ ఊరికి మధ్యాహ్నం రెండు విమానాలు. ముందుది తోడల్లుడిది, పన్నెండు నిమిషాల వెనక నాది. ఎక్కేటప్పుడు ఆవిడ కాక్‌పిట్ గుమ్మం దగ్గర ఆగారు.

"కెప్టెన్ అల్లుడి విమానంలో సీట్లు అయిపోయాయట నాయనా. సర్లే, ఇదీ వెళ్తుంది కదా అని ఎక్కేశాను."

"వెళ్తుంది అత్తయ్యా," అన్నాను.

"అతను ముందే దిగి నాకోసం కనిపెట్టుకుని ఉంటానన్నాడు. ఆలస్యం చెయ్యకు."

పక్కసీట్లో ఉన్న కో-పైలట్ అమ్మాయి చెక్‌లిస్టులోకి తల దూర్చింది. నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

గంట తర్వాత ముప్ఫై ఏడు వేల అడుగుల ఎత్తులో ఉత్తరంగా పోతున్నాం. పడమటి గాలి ఎడమ నుంచి బలంగా కొడుతోంది. రాడార్ తెర మీద సరిగ్గా మా దారిలో, తొంభై మైళ్ల దూరాన ఒక ఎర్రటి ముద్ద కనిపించింది. ఎరుపంటే కుండపోత, దాని లోపల ఉరుములు, పైకీ కిందికీ విసిరే గాలులు. దాని తల నలభై అయిదు వేలు దాటి ఉంది కాబట్టి పైనుంచి దాటే మాట లేదు. పక్కకు తప్పుకోవాలి. ఎటన్నదే ప్రశ్న.

అప్పుడే రేడియోలో తోడల్లుడి గొంతు వినిపించింది. "మేఘాన్ని కుడి పక్కగా దాటుతున్నాం. దారి సాఫీగా ఉంది. దీన్ని దాటగానే మళ్లీ మా దారిలోకి వచ్చేస్తాం."

నేల మీంచి దారి చూపే కంట్రోలర్ నన్నడిగాడు. "ముందు విమానం కుడి నుంచి వెళ్లింది. మీకూ అదే ఇమ్మంటారా?"

తెర మీద చూశాను. కుడికి పది డిగ్రీలు తిరిగితే చాలు, ముద్ద అంచు తప్పుతుంది. దాని వెనకాల అంతా నలుపు, అంటే ఏమీ లేదు. ఆలస్యం రెండు నిమిషాలు మించదు. ఎడమకైతే ముప్ఫై డిగ్రీలు తిరిగి పెద్ద చుట్టు తిరగాలి, పదహారు నిమిషాలు పోతాయి. అతను నిమిషం తప్పకుండా దిగి అత్తగారికి ఎదురొస్తే, నేను ఈసురోమంటూ పదహారు నిమిషాల తర్వాత దిగాలా? నా వేళ్లు దిశ మార్చే గుండ్రటి నాబ్ మీదికి వెళ్లి, దాన్ని కుడికి తిప్పేశాయి కూడా. ఇక లాగితే విమానం తిరుగుతుంది.

"సర్, ఒక్క నిమిషం," అంది కో-పైలట్. "ఆ నలుపు నాకు నచ్చట్లేదు."

"ఏముంది అందులో?"

"అదే సర్, ఏమీ లేదు. ముద్ద వెనక అంచు చూడండి, కొరికేసిన రొట్టెలా లోపలికి పోయింది."

ఆమె రాడార్ చూపును కిందికి వంచింది. అలా వంచితే కింద నేల కూడా తెర మీద పడాలి. ఎడమ పక్క పడింది. కుడి పక్కా పడింది. ముద్ద వెనకాల మాత్రం నేల లేదు, నలుపు నలుపుగానే ఉంది.

"నేల ఎక్కడికీ పోదు కద సర్," అందామె. "ముందున్న వాన రాడార్ శక్తినంతా మింగేస్తోంది. వెనక ఏముందో మనకు కనపడట్లేదు, అంతే. పైగా కుడి అంటే గాలివాటు. మేఘం వడగళ్లు విసిరితే అటే విసురుతుంది."

సిగ్గేసింది. కొత్తగా చేరిన పైలట్లకు క్లాసులో ఈ పాఠం చెప్పేది నేనే. నలుపంటే ఖాళీ అనుకోవద్దని బల్ల గుద్ది మరీ చెప్తాను. ముందువాడు వెళ్లాడని గొర్రెదాటుగా వెళ్లొద్దనీ చెప్తాను. నాబ్ ఎడమకు తిప్పాను.

"ఎడమకు ముప్ఫై డిగ్రీలు కావాలి," అన్నాను కంట్రోలర్‌తో. మేఘానికి ఇరవై మైళ్లకు తక్కువ కాకుండా దారి గీసుకుని, సీటు బెల్టుల దీపం వేయించాను.

నాలుగు నిమిషాల తర్వాత తోడల్లుడు మళ్లీ రేడియోలోకి వచ్చాడు. నేరుగా వెళ్లడానికి అనుమతి అడిగాడు. "దారి ఎలా ఉంది?" అన్నాడు కంట్రోలర్. కాసేపు ఏమీ వినపడలేదు.

"ఫర్వాలేదు," అన్నాడు తోడల్లుడు.

పుండు మీద కారం చల్లినట్టయింది. "విన్నావా? ఫర్వాలేదట," అన్నాను కో-పైలట్‌తో. "మనం మాత్రం ఊరంతా తిరిగి వెళ్తున్నాం."

ఆమె కళ్లు తెర మీదే ఉన్నాయి. మరి కాసేపటికి మేఘాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని పక్కగా వచ్చాం. ఇప్పుడు రాడార్ దాని వెనక్కి చూడగలిగింది. నలుపున్న చోట రెండో ముద్ద బయటపడింది. మొదటిదానికంటే పెద్దది, ముదురు ఎరుపు. మేం వెళ్లబోయిన దారి సరిగ్గా దాని కడుపులోంచి పోతోంది.

వెంటనే కంట్రోలర్‌ని పిలిచి, కుడి పక్కకు ఇంకెవరినీ పంపొద్దని చెప్పాను.

పదహారు నిమిషాలు ఆలస్యంగా దిగాం. అత్తగారు సంచీ చంకన పెట్టుకుని కాక్‌పిట్ దగ్గరికొచ్చారు.

"కెప్టెన్ అల్లుడైతే ఈపాటికి ఇంట్లో దింపేసేవాడు," అన్నారు. "అతనూ రాలేదేమిటో మరి."

ఆవిణ్ని విమానాశ్రయం లోపల కూర్చోబెట్టి, విమానాలు నిలిపే పక్క బే వైపు నడిచాను. తోడల్లుడి విమానం అక్కడుంది. దాని ముక్కు సొట్టలు పడి ఉంది, రంగు పెచ్చులూడింది. ముందు అద్దాల్లో ఒకటి నిలువునా పగిలింది. నాకు మొట్టమొదట కలిగింది సంతోషం. అబద్ధమెందుకు, కలిగింది. ఆ తర్వాత మెట్ల మీద నుంచి ఒక ఎయిర్‌హోస్టెస్‌ను కుర్చీలో దించడం చూశాను. ఆమె చీలమండ విరిగిందట. సంతోషపడ్డందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

తోడల్లుడు రెక్క కింద నిలబడి ఉన్నాడు. చావుతప్పి కన్ను లొట్టపోయినట్టుంది అతని వాలకం. జుట్టు చెమటకు నుదుటికి అంటుకుపోయింది.

"మేఘం వెనకాల ఇంకోటి ఉంది అన్నయ్యా. నాకు కనపడలేదు," అన్నాడు.

"మరి రేడియోలో ఫర్వాలేదన్నావేం?"

అతను సొట్టలు పడ్డ ముక్కు వంక ఓసారి చూశాడు.

"వెనకాల మీరు వింటున్నారు. నేను తప్పు చేశానని మీ చెవిన పడటం ఇష్టం లేకపోయింది. మీరు క్లాసులు చెప్తారు, మిమ్మల్ని చూస్తే నాకు మొదట్నించీ అదొక మంట." నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "నామాట విని మీరూ అటే వచ్చి ఉంటే ఏమయ్యేది? నా బుద్ధి గడ్డితిందన్నయ్యా. అత్తయ్య మీ విమానంలో ఉన్న సంగతే ఆ క్షణాన గుర్తుకు రాలేదు."

అతని భుజం మీద చెయ్యి వేశాను.

"నాకు గుర్తుంది," అన్నాను. "గుర్తుండే నీ వెనకాల రాబోయాను."