నూనెలో గాలి

గాజువాక అవతల తుక్కు యార్డులో పైడయ్య నడిపే ప్రెస్సు ఆ ఉదయం కూడా సరిగా పనిచేయలేదు. కారు డొక్కుల్నీ పాత రేకుల్నీ ఇటుకల్లా నొక్కి స్టీలు కొలిమికి పంపే యంత్రం అది. నొక్కేది నూనె బలం. ఆ నూనెను ట్యాంకులోంచి పీల్చి తోసేది పంపు. దసరా తర్వాత మూడు నెలల్లో రెండు పంపులు పోయాయి. మూడోది గులకరాళ్ళు నములుతున్నట్టు మోగుతోంది.

"ఇదీ పోతే నువ్వు లివరు దగ్గరుండవు పైడయ్యా. గ్యాస్ కటింగుకి పోతావు," అన్నాడు సూపర్వైజరు తిరుమలరావు.

పైడయ్యకి యాభై ఆరు. నడుం వంగితే మళ్ళీ లేవడానికి చాలాసేపు పడుతుంది. కటింగంటే గ్యాసు మంటతో ఇనుము కోస్తూ రోజంతా వంగడమే.

మెకానిక్కు సూరన్న వచ్చి ట్యాంకులోంచి కాస్త నూనె తీశాడు. మజ్జిగలా తెల్లగా ఉంది.

"లోపలికి నీళ్ళు పోయాయి. గొట్టంతో కడిగినప్పుడు మూత తీసి వదిలేసుంటాడు," అన్నాడు తిరుమలరావు.

సూరన్న ఆ నూనెను గాజు సీసాలో పోసి బల్ల మీద పెట్టాడు. "పది నిమిషాలు ఆగండి బాబూ."

సీసా అడుగు నుంచి తేరుకుంటూ వచ్చింది. తెలుపు పైకెక్కి, అంచున నురగలా మిగిలింది.

"నీళ్ళయితే ఇంత బేగి తేరదు. ఇది గాలి."

"ఎక్కడా చుక్క కారట్లేదు కదయ్యా."

"కారదు బాబూ. పంపు పీల్సినకాడ నూనె బయిటికి రాదు, గాలే లోనికొత్తాది."

యంత్రం ఆడుతుండగానే సూరన్న పీల్చే గొట్టం అతుకుల మీద ఒక్కొక్కదానికీ చిన్న డబ్బాతో నూనె పోస్తూ పోయాడు. పంపు పక్కనున్న అతుకు మీద పోయగానే సందు మూసుకుని మోత తగ్గింది. నూనె జారిపోయాక మళ్ళీ పెరిగింది. యంత్రం ఆపి అతుకు విప్పాడు. లోపలి రబ్బరు రింగు ఎండి గట్టిపడి ఉంది. రెండో పంపు బిగించిన రోజున, చీకటి పడుతోందని, పాత రింగే వేసింది సూరన్నే; మూడోదానికీ అదే ఉంచాడు. దాన్ని జేబులో పెట్టుకుని కొత్తది వేశాడు. పైడయ్య చూశాడు. చూపు తిప్పుకున్నాడు.

తిరుమలరావు ఫోను రావడంతో ఆఫీసు గదికి వెళ్ళాడు. ప్రెస్సు మళ్ళీ ఆడించారు. మోత సగానికి సగం తగ్గింది గానీ, నూనె మట్టం చూసే ట్యాంకు అద్దంలో నురగ అలాగే ఉంది. తుక్కును నొక్కే ప్రెస్సు చెయ్యి ఇంకా కుదుపుతూ దిగుతోంది. సూరన్న యంత్రం ఆపి, ట్యాంకు మూత విప్పి లైటు వేశాడు.

"ఇదేటి బావా, మద్దెన రేకేదీ?"

పైడయ్య ట్యాంకు దగ్గరికొచ్చాడు.

"నానే తీసినాను."

దసరా పండగకి అందరూ యంత్రాల్ని బయట కడిగి బొట్లు పెడతారు. పైడయ్య లోపల కూడా కడిగాడు. ట్యాంకును రెండుగా విడదీసే అడ్డు రేకు వెనక మడ్డికి చెయ్యి అందక నాలుగు బోల్టులు విప్పి దాన్ని లాగేశాడు. తిరిగొచ్చే నూనెను ట్యాంకు అడుగుదాకా దించే పైపు ముక్క ఆ రేకుకే అతికి ఉంది, అదీ వచ్చేసింది. అడ్డం పోయింది, ఇక ఏటేటా సులువుగా కడగొచ్చనుకున్నాడు. పూజయ్యాక నొక్కిన మొదటి ఇటుకలో ఆ రేకు కూడా పోయింది.

"రేకుంటే నూనె సుట్టూ తిరిగొత్తాది బావా. తిరిగేలోపు బుడగలు పైకి పోతాయి. ఇప్పుడేమో మీదనుంచి కుళాయినీళ్ళలాగ పడతంది. పడ్డ నురగని పడ్డట్టే పంపు తాగతంది."

"మరి పంపులు దానికే పోయినాయా?"

సూరన్న గొంతు తగ్గించాడు. "సెప్పకు. రేకు విరిగిపోనాదని నాను సెప్తాను."

"విరగలేదు కదా."

పైడయ్య గదికి వెళ్ళి చెప్పాడు. తిరుమలరావు చాలాసేపు కళ్ళు నులుముకున్నాడు.

"రెండు పంపులూనా?"

"రెండూ నావల్లే బాబూ."

వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డ సూరన్న చెయ్యి జేబుదాకా వెళ్ళి ఆగింది.

"అంతలా కడగమని నిన్నెవరడిగారు?"

"ఎవులూ అడగలేదు."

"ఇక ప్రెస్సు మోహనకృష్ణ చూసుకుంటాడు," అన్నాడు తిరుమలరావు. ఆ మాటలో కోపం లేదు.

మధ్యాహ్నానికి కొత్త రేకు కోయించి బిగించారు. పైపు చివర నూనె మట్టానికి బాగా కిందుండేలా దించి, తోడిన నూనె మళ్ళీ పోశారు. క్రేను మీద పనిచేసే మోహనకృష్ణ వచ్చి లివరు పట్టుకోబోయాడు.

"ఆగు. పోసిన నూనెలో గాలి ఉంటాది. అరగంట పోనీ," అన్నాడు పైడయ్య.

ముగ్గురూ ట్యాంకు పక్కన కూర్చున్నారు. అద్దం తేరాక మోహనకృష్ణ స్విచ్చి వేశాడు. పంపు సన్నగా, ఒకే తీరుగా మోగింది. ప్రెస్సు చెయ్యి కుదుపు లేకుండా దిగింది.

"బాగుంది బావా," అన్నాడు మోహనకృష్ణ.

"నూనె మట్టం రోజూ సూడు."

పైడయ్య మోకాళ్ళు పట్టుకుని లేచాడు. కూర్చుని కోసుకోవడానికి పీట ఏమైనా దొరుకుతుందేమోనని కటింగు షెడ్డు వైపు నడిచాడు.